రెండో మెయిల్‌లో ‘రెస్పెక్టెడ్ సర్’ ఎందుకు పనిచేయదు?

జర్మనీలో పీహెచ్‌డీ కోసం ప్రొఫెసర్లకు రాసే మొదటి మెయిల్ మీద మన విద్యార్థులు పెట్టే శ్రద్ధ అంతా ఇంతా కాదు. సీనియర్లకు చూపిస్తారు, ఒకటికి నాలుగుసార్లు దిద్దుతారు. పది రోజులైనా జవాబు రాకపోతే మాత్రం ‘రెస్పెక్టెడ్ సర్, దిస్ ఈజ్ ఎ జెంటిల్ రిమైండర్’ అని రెండు నిమిషాల్లో కొట్టి పంపేస్తారు. మొదటి మెయిల్‌తో సంపాదించుకున్న కాస్త మంచి అభిప్రాయం ఉంటే అది ఇక్కడే పోతుంది.

‘రెస్పెక్టెడ్ సర్’ మన దగ్గర తప్పు కాదు. కాలేజీ ప్రిన్సిపాల్‌కో, కలెక్టర్‌కో రాసినప్పుడు అది మర్యాదే. కానీ పేరు లేని పిలుపు చూసిన విదేశీ ప్రొఫెసర్‌కు, అదే మెయిల్ ఇంకా యాభై మందికి వెళ్లి ఉంటుందన్న అనుమానం వస్తుంది. ఆ ప్రొఫెసర్ మహిళ అయితే సంగతి ఇంకా అధ్వానం. ఆమె పేజీ కూడా తెరవకుండానే రాశారని ‘సర్’ అన్న ఒక్క మాట పట్టిస్తుంది.

ఆమె ఇంటిపేరు వేబర్ అనుకుందాం. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ‘డియర్ ప్రొఫెసర్ వేబర్’ అంటే సరిపోతుంది. ఆడా మగా అన్న సందేహం రాదు, హోదాకూ లోటుండదు. జవాబు రాలేదని రెండోసారి పిలుపు మార్చకూడదు. మొదట ‘ప్రొఫెసర్’ అని, తర్వాత ‘హాయ్’ అంటే చనువు లాక్కున్నట్టు, ‘రెస్పెక్టెడ్ మేడమ్’ అంటే బతిమాలినట్టు ఉంటుంది. పాత మెయిల్‌కే రిప్లై కొట్టి, అదే పిలుపుతో మొదలుపెట్టడం మేలు.

జవాబు వచ్చాక లెక్క మారుతుంది. అప్పుడు చూడాల్సింది ఆమె కింద చేసిన సంతకం. పూర్తి పేరు రాస్తే మనం ‘ప్రొఫెసర్ వేబర్’ దగ్గరే ఆగాలి. ఒక్క మొదటి పేరే రాస్తే అలా పిలవమని సూచించినట్టే. జంకుగా ఉంటే ఇంకోసారి ‘ప్రొఫెసర్’ అన్నా నష్టం లేదు. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య కనిపిస్తుంది. అమెరికాలోని వైస్ ప్రెసిడెంట్ ప్రతి మెయిల్ కిందా ‘మైక్’ అని రాస్తున్నా, మనవాళ్లు ‘డియర్ మైక్ సర్’ అంటూనే ఉంటారు. హోదా ఎంత పెద్దదైనా అక్కడ ‘హాయ్ మైక్’ అగౌరవం కాదు. ఇక్కడి కంపెనీ ఛైర్మన్‌కు అదే పద్ధతిలో రాస్తే మాత్రం కొంప మునుగుతుంది. ఆ మెయిల్ ముందుగా తెరిచేది తరచూ ఆయన పీఏ. ఛైర్మన్ పట్టించుకోకపోయినా పీఏ పట్టించుకుంటారు!

ముగింపు వాక్యం దగ్గర అసలు చిక్కు. ‘థాంక్స్ ఇన్ అడ్వాన్స్’ అని ముగిస్తే జవాబులు ఎక్కువ వస్తాయన్న మాట బాగా తిరుగుతోంది. దీనికి మూలం 2017లో బూమరాంగ్ అనే ఈమెయిల్ సంస్థ వేసిన లెక్క. ఆ ముగింపు ఉన్న మెయిళ్లలో సుమారు 66 శాతానికి జవాబు వచ్చిందని తేల్చారు. అయితే వాళ్లు చూసినవి ఆన్‌లైన్ మెయిలింగ్ లిస్టుల్లోని సంభాషణలు. సాయం అడగడం, చేయడం అక్కడ రోజూ జరిగేదే. పైగా ముందస్తు కృతజ్ఞత చెప్పేవాళ్లు సాధారణంగా ఏదో ఒకటి స్పష్టంగా అడిగే ఉంటారు. జవాబు తెచ్చింది కృతజ్ఞతో, ఆ అడగడమో ఈ అంకెలు చెప్పవు. ముక్కూ మొహం తెలియని ప్రొఫెసర్‌కు అదే వాక్యం రాస్తే, ఆమె ఒప్పుకోకముందే ఒప్పుకున్నట్టు లెక్కవేసుకున్నామని అనిపించవచ్చు.

నా ఓటు ఒక్క ముక్కలో జవాబివ్వగల ప్రశ్నకే. ‘వచ్చే ఏడాది మీ ల్యాబ్‌లో ఖాళీ ఉందా? లేకపోతే ఆ ఒక్క మాట చెప్పినా నాకు ఉపయోగమే’ అని ముగిస్తే కాదనడానికి కూడా దారి ఉంటుంది. దాని కింద ‘బెస్ట్ రిగార్డ్స్’ చాలు. బడిలో సెలవు చీటీకి నేర్పిన ‘యువర్స్ ఒబీడియంట్లీ’ని అక్కడే వదిలేయాలి. గడువు చెప్పాల్సి వస్తే నెలను అక్షరాల్లో రాయాలి. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికావాళ్లకు మే 6.

చివరగా మన సంతకం. ‘కె.వి. రమణారావు’ అని రాస్తే ఇందులో ఇంటిపేరు ఏదో, ఎలా పిలవాలో, ఆడో మగో అవతలివాళ్లకు తెలియదు. తెలియక కొందరు ‘డియర్ కె.వి.’ అంటారు. అలాకాకుండా ‘రమణ’ అని పైన రాసి, పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు, కాలేజీ, ఊరు కింద ఇవ్వాలి. పాస్‌పోర్టు పేరు అక్కడ ఉంటే దరఖాస్తుతో పోల్చి చూసుకోవడం ప్రొఫెసర్ ఆఫీసుకు తేలిక. ఆమె రాసే జవాబు కూడా ‘డియర్ రమణ’ అని మొదలవుతుంది.