రీచ్ ఎక్కువొస్తే ఆ ఎత్తుగడ గెలిచినట్టేనా?

గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం ధర పడిపోయిందని ఒక కథనం సిద్ధమైందనుకుందాం. దాన్ని ఫేస్‌బుక్ పేజీలో పెట్టడానికి న్యూస్ డెస్కులో రెండు ఎత్తుగడలు, అంటే పోస్టును మొదలుపెట్టే మాటలు, రాశారు. మొదటిది: "గుంటూరు యార్డులో తేజ మిర్చి ధర మళ్లీ తగ్గింది. కారణాలివీ." రెండోది: "మిర్చి ఇప్పుడే అమ్మేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగాలా?" లింకు ఒకటే, ఫొటో ఒకటే. పొద్దున మొదటిది పెట్టారు, సాయంత్రం రెండోది. మర్నాడు చూస్తే మొదటిదానికి 8,000 రీచ్, అంటే అంతమందికి కనిపించింది, 160 లింకు క్లిక్కులు. రెండోదానికి 5,000 రీచ్, 130 క్లిక్కులు.

రీచ్ చూసేవాళ్లు మొదటిదే బాగుందంటారు. చూసినవాళ్లలో ఎందరు నొక్కారని శాతం కట్టేవాళ్లు 2 కన్నా 2.6 ఎక్కువ కాబట్టి రెండోదే నయమంటారు. నన్నడిగితే ఈ అంకెలతో ఇద్దరూ ఏమీ తేల్చలేరు.

ఎందుకంటే రీచ్ అనేది మనం ఇచ్చిన కొలత కాదు, ఫేస్‌బుక్ పంచిపెట్టేది. పోస్టును ముందు కొంతమందికి చూపిస్తుంది. వాళ్లు స్పందిస్తే ఇంకొంతమందికి, ఆ తర్వాత పేజీని ఫాలో కానివాళ్లకు కూడా చూపిస్తుంది. మిర్చితో సంబంధం లేనివాళ్ల దాకా వెళ్లేకొద్దీ క్లిక్కుల శాతం పడిపోవడం మామూలే. అంటే మొదటి పోస్టుకు 2 శాతమే రావడానికి దాని మాటలు చప్పగా ఉండటమే కారణం కానక్కర్లేదు, అది దూరం వెళ్లడమూ కావచ్చు. దానికి తోడు సాయంత్రం పోస్టు చూసినవాళ్లలో కొందరు పొద్దునే ఆ కథనం చదివేశారు. వాళ్లు మళ్లీ ఎందుకు నొక్కుతారు? సమయం వేరు, జనం వేరు. ఇక మాటల తేడా ఎంతో ఎలా తెలుస్తుంది?

సరైన పోలిక కావాలంటే ఒకే సమయంలో, పాఠకులను లాటరీ తీసినట్టు రెండు గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకు ఒక్కో ఎత్తుగడ చూపించాలి. అమెరికాలో అప్‌వర్తీ అనే సైటు 2013-15 మధ్య శీర్షికలను ఇలాగే పరీక్షించింది. ఆ 32,487 ప్రయోగాల డేటాను పరిశోధకులు 2021లో అందరికీ అందుబాటులో పెట్టారు. ఒక్కో శీర్షిక ఎంతమందికి కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్నవే అక్కడ ప్రధానమైన లెక్కలు. సొంత సైటు కాబట్టి ఎవరికి ఏది చూపించాలో వాళ్ల చేతిలోనే ఉంది. ఫేస్‌బుక్ పేజీలు నడిపే మెటా బిజినెస్ సూట్‌లో మన పేజీకి ఇలా విడగొట్టి పరీక్షించే ఏ/బీ టెస్ట్ కనిపిస్తే దాన్ని వాడుకోవచ్చు. లేకపోతే సొంత యాప్ నోటిఫికేషన్లలో పాఠకులను సగం సగంగా విడగొట్టి పరీక్షించడమే మేలు.

ఏ క్లిక్కును లెక్కించాలన్నది ఇంకో చిక్కు. పొడుగు పోస్టులో మొదటి కొన్ని పంక్తులే కనిపిస్తాయి, మిగతాది 'సీ మోర్' వెనక ఉంటుంది. దాన్ని నొక్కినా మొత్తం క్లిక్కుల్లో చేరుతుంది. అందుకే అసలు సంగతి దాచిపెట్టిన ఎత్తుగడకు మొత్తం క్లిక్కులు బాగా పెరుగుతాయి, కథనం దాకా వచ్చేవాళ్లు మాత్రం పెరగరు. మొత్తం క్లిక్కులు ఎగిరి లింకు క్లిక్కులు కదలకపోతే జరిగింది ఇదేనని అనుమానించాలి. లింకు క్లిక్కులనే చూడాలి.

ఇప్పుడు మిర్చి పోస్టును సరిగ్గా పరీక్షించారనుకుందాం. రెండు గుంపుల్లోనూ సమానంగా 3,000 మంది. మొదటిదానికి 45 లింకు క్లిక్కులు, రెండోదానికి 60. చూడగానే రెండోదే గెలిచిందనిపిస్తుంది. కానీ చేత్తో వేసుకోగల ఒక లెక్క ఉంది. రెండింటి క్లిక్కులూ కలిపితే 105. దాని వర్గమూలం సుమారు 10, రెండింతలు చేస్తే 20. క్లిక్కుల తేడా దీన్ని దాటితేనే నమ్మాలి. ఇక్కడ తేడా 15 మాత్రమే, కాబట్టి ఇది కాకతాళీయంగా వచ్చింది కూడా కావచ్చు. అదే 110, 160 వచ్చి ఉంటే మొత్తం 270, వర్గమూలం 16 పైచిలుకు, రెండింతలు 33. తేడా 50 కాబట్టి నమ్మొచ్చు. రెండు గుంపులూ సమానంగా ఉండి, క్లిక్కుల శాతం తక్కువగా ఉన్నప్పుడే ఈ లెక్క పనికొస్తుంది. చిన్న పేజీలకు ఒక్క పోస్టుతో ఇన్ని క్లిక్కులు రావడం కష్టం. అలాంటప్పుడు ప్రశ్నతో మొదలయ్యే పోస్టులూ సమాచారంతో మొదలయ్యేవీ అని రెండు రకాలు పెట్టుకుని, చాలా కథనాల మీద పరీక్షించి, ఫలితాలు కలిపి చూడాలి.

పరీక్ష ఎప్పుడు ఆపాలో ముందే రాసిపెట్టుకోవాలి. పది నిమిషాలకోసారి చూసి, మనకు నచ్చినది ముందున్నప్పుడు ఆపేస్తే పై లెక్కకు విలువ లేదు. డెస్కులో టెన్షన్ ఉన్న రోజున జరిగేది సరిగ్గా ఇదే.

నొక్కినవాళ్లు ఎంతసేపు ఉన్నారో కూడా చూడాలి. పోస్టును ఎంతమందికి చూపించాలో తేల్చేటప్పుడు, లింకు నొక్కి వెంటనే వెనక్కి వచ్చేస్తున్నారా అన్నది లెక్కలోకి తీసుకుంటామని ఫేస్‌బుక్ 2014 ఆగస్టులోనే ప్రకటించింది. మన కథనంలో కోల్డ్ స్టోరేజీ అద్దె ఎంత, ఆగితే లాభమా నష్టమా అన్న లెక్క లేకపోతే, "అమ్మేయాలా, ఆగాలా" అని అడిగిన ఎత్తుగడకు ఎన్ని క్లిక్కులు వచ్చినా నేను దాన్ని ఎంచుకోను. ఆ లెక్క కథనంలో ఉంటే, క్లిక్కుల్లో తేడా తేలకపోయినా ఆ ప్రశ్ననే పెడతాను. యార్డులో ధర తగ్గిందని రైతుకు ముందే తెలుసు.