ముల్లు కాలు, పెన్సిలు కాలు

డిగ్రీ పేపర్లు దిద్దడానికి పది రోజులు విశాఖపట్నం రమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆ మాట చెబితే మా ఆవిడ ఏమీ అనలేదు. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఆవిడ ఏమీ అనలేదంటే అర్థం ఏమిటో నాకు తెలుసు. ఆ పూట ఉప్మాలో జీడిపప్పు ఉండదు.

నేను ఇంగ్లీషు లెక్చరర్ని. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. మా ఇంట్లో గొడవలన్నీ ఈ ఒక్క కారణం మీదే నడుస్తాయి: నేను మాట చెబుతాను, ఆవిడ దాన్ని సరిచూస్తుంది. ఆ రాత్రి మాత్రం నా దగ్గర గట్టి సరుకు ఉంది. ఊరెళ్లబోయే మొగుడు పెళ్లానికి ఏం చెప్పాలో జాన్ డన్ అనే కవి నాలుగు వందల ఏళ్ల కిందటే రాసి పెట్టాడు. ఏటా పిల్లలకి చెప్పే పాఠమే. ఇంట్లో ఒకసారి చెబితే పోయేదేముంది అనుకున్నాను.

డైనింగ్ టేబుల్ మీద అప్పడాల డబ్బా పక్కకి జరిపి, మా అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి వృత్తలేఖిని తీశాను.

"1611లో డన్ తన పోషకుడితో కలిసి ఫ్రాన్సు వెళ్లాల్సి వచ్చింది. భార్య నిండు చూలాలు. వెళ్లేటప్పుడు ఆవిడకి ఈ పద్యం ఇచ్చి వెళ్లాడని వాల్టన్ అనే ఆయన డన్ జీవిత చరిత్రలో రాశాడు. ఏడవొద్దు అని పద్యం పేరులోనే ఉంది."

"నేనెక్కడ ఏడుస్తున్నాను?" అంది మా ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

మొదట్లోనే దెబ్బ. అయినా ఆగలేదు. వాళ్లది ప్రేమ వివాహమని, 1601లో రహస్యంగా చేసుకున్నారని, సంగతి తెలిసి మామగారు అల్లుణ్ణి జైల్లో పెట్టించారని చెప్పాను. "మా నాన్న మరీ మంచివాడు" అంది. మెచ్చుకోలో, తప్పిపోయిన అవకాశం గురించి విచారమో తేల్చుకోలేకపోయాను.

ఇక్కడ అసలు పాయింటు చెప్పాలి. మన కవులు చంద్రముఖి అన్నారు. ముఖమూ చంద్రుడూ, ఇద్దరికీ ఉమ్మడి గుణం చల్లని కాంతి, అంతే. అక్కడితో పోలిక ఆగిపోవాలి. చంద్రముఖి అన్నాక అమావాస్య సంగతి అడక్కూడదు. మచ్చల సంగతి అసలే అడక్కూడదు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు కవులు కొందరు దీన్ని తలకిందులు చేశారు. ముందు ప్రేమకి ఏ సంబంధమూ లేని వస్తువునొకదాన్ని తెచ్చి నెత్తిన పెడతారు. ఆ తర్వాత దాని ప్రతి భాగాన్నీ పిలిచి, ప్రేమలో నువ్వెవరు అని అడుగుతారు. ప్రతి భాగమూ జవాబు చెప్పాలి. దీన్ని కన్సీట్ అంటారు. కన్సీట్ అంటే పొగరు కదా సార్ అని ప్రతి ఏడూ ఒకడు అడుగుతాడు. ఇక్కడ దాని పాత అర్థం, ఊహ అని. పొగరు కూడా కొంచెం ఉందనుకోండి.

"ముందు బంగారం అన్నాడు" అని మొదలుపెట్టాను. "మన రెండు ప్రాణాలూ ఒకటే, నేను దూరమైతే తెగదు, బంగారు రేకులా సాగుతుంది అన్నాడు."

"సాగితే పల్చబడదూ?"

"పల్చబడుతుంది. గాలంత పల్చన అని ఆయనే అన్నాడు."

"మరి వెనక్కి ఎలా వస్తుంది? సాగగొట్టిన రేకు దానంతటది ముద్దవుతుందా?"

నేను చిక్కుడుకాయ పట్టుకుని అలా ఉండిపోయాను. పన్నెండేళ్లుగా ఈ పద్యం చెబుతున్నాను. ముప్ఫయ్యారు పంక్తుల పద్యంలో ఇరవై నాలుగో పంక్తి దగ్గర బంగారాన్ని వదిలేసి, చివరి పన్నెండు పంక్తులకీ వృత్తలేఖిని ఎందుకు పట్టుకున్నాడో నాకెప్పుడూ తట్టలేదు. బంగారానికి వెళ్లడం తెలుసు, రావడం తెలీదు. విడిపోయి మళ్లీ మూసుకునే వస్తువు కావాలి ఆయనకి. ఈ ముక్క నాకే తోచినట్టు ముఖం పెట్టి పాఠం కొనసాగించాను.

కాగితం పరిచి ముల్లు గుచ్చాను. "ఒకవేళ మనం ఇద్దరమే అనుకున్నా, బిగువైన ఈ జంట కాళ్లలాగ ఇద్దరం అంటాడు. ఇదిగో, ఈ ముల్లు కాలు నువ్వు. ఈ పెన్సిలు కాలు నేను."

"అంటే మీరు ఊరంతా తిరుగుతారు, నేను ఒంటికాలి మీద నిలబడాలి."

"విను. ముల్లు కాలు కదిలినట్టు కనిపించదు. కానీ రెండోది కదిలితే ఇదీ కదులుతుంది. చూడు."

ఇది మాత్రం దగ్గరగా చూడాల్సిందే. మీ ఇంట్లో ఉంటే మీరూ తీసి చూడండి. కాళ్లు రెండూ విడదీసినప్పుడు ముల్లు మొన గుచ్చుకున్నచోటే ఉంటుంది గానీ, దాని ఒళ్లు నిలువుగా ఉండదు. పెన్సిలు ఎటుంటే అటు ఒరుగుతుంది. పెన్సిలు తిరుగుతుంటే, పాదం కదపకుండానే తల అటే తిప్పుకుంటూ వెళుతుంది. ఒరిగి, చెవి ఒగ్గి వింటుంది అన్నాడు డన్. పెన్సిలు దగ్గరికొచ్చి కాళ్లు మూసుకుంటే నిటారుగా లేస్తుంది. అదీ అన్నాడు. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. ఆ మనిషి వృత్తలేఖినిని చేత్తో పట్టుకుని రాశాడని నా నమ్మకం.

మా ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. గెలిచాననుకున్నాను.

"చివరికి ఏమంటాడు?"

"నీ నిలకడ వల్లే నా వృత్తం సరిగ్గా వస్తుంది, మొదలెట్టిన చోటికే వచ్చి ఆగుతాను అంటాడు."

"తప్పు" అంది లెక్కల టీచరు. వృత్తలేఖిని లాక్కుంది. "వృత్తం గీసేటప్పుడు వ్యాసార్ధం మారదు. మొదలెట్టిన చోటికొచ్చినా, మీరు పరిధి మీదే ఉంటారు. కేంద్రం దగ్గరికి రారు. అంటే చుట్టూ తిరిగి మళ్లీ వైజాగ్‌లోనే దిగుతారు. ఇంటికి రావాలంటే కాళ్లు మూయాలి. కాళ్లు మూస్తే వృత్తం రాదు. ఈయన ఏది చేస్తానంటున్నాడు?"

నిజమే. అవి రెండు వేర్వేరు కదలికలు. విప్పి మూయడం ఒకటి, చుట్టూ తిప్పడం ఒకటి. కవి నాలుగు పంక్తుల్లో మొదటిది చెప్పి, తర్వాతి నాలుగింట్లో చప్పుడు లేకుండా రెండోదానికి మారాడు. నేను కాస్త ఆలోచించి, "రెండు ప్రశ్నలున్నాయి. తిరిగొస్తావా అన్నదానికి మూసుకోవడం జవాబు. దూరంగా ఉన్నన్నాళ్లూ అదుపులో ఉంటావా అన్నదానికి వృత్తం జవాబు. అందుకే వ్యాసార్ధం మారకూడదు" అన్నాను.

"అయితే బీచికి వెళ్లినా అదే వ్యాసార్ధమేనా?"

"అదే."

"సరే. మరి ఈ పై కీలు ఎవరు?"

పై కీలు గురించి డన్ ఒక్క మాట కూడా చెప్పలేదు. ముల్లు గురించి చెప్పాడు, తిరిగే కాలు గురించి చెప్పాడు. రెండింటినీ పట్టి ఉంచే ఆ చిన్న స్క్రూని మాత్రం ముట్టుకోలేదు. ఇలాంటి పోలికలో చదివేవాడు చేయాల్సిన పని ఇదే, కవి వదిలేసిన భాగం మీద వేలు పెట్టడం. "ఇంటి అప్పు" అన్నాను నోటికొచ్చింది. మొదటిసారి నవ్వింది.

ఆ నవ్వు చూసి నాకు ఉత్సాహం తన్నుకొచ్చింది. అసలు తప్పు అక్కడే జరిగింది. పూర్తి వృత్తం గీసి చూపిస్తానని వృత్తలేఖిని వెనక్కి తీసుకుని, నిలకడ ముఖ్యం కదా అని ముల్లు గట్టిగా నొక్కి తిప్పాను. మా అమ్మాయి పెట్టెలోది. కీలు వదులైపోయిందని నాకు తెలీదు. సగం తిరిగేసరికి కాళ్లు మెల్లగా విడిపోవడం మొదలెట్టాయి. గీత మొదలైన చోటికి రాలేదు. బయటికి, ఇంకా బయటికి పోయి, నత్తగుల్ల ఆకారంలో కాగితం దాటి అప్పడాల డబ్బా మీదికి ఎక్కింది. పెన్సిలు మొన పటుక్కున విరిగింది. కాగితం తీస్తే, పోయిన నెలలో వేయించిన కొత్త సన్‌మైకా మీద నల్లగా చిల్లు. ఆవగింజ పట్టేంత.

మా ఆవిడ చిల్లుని చూసింది. నన్ను చూసింది.

"నిలకడంటే ఇదన్నమాట" అంది. ఆ తర్వాత చాలా మామూలుగా, "ఆవిడకి పిల్లలెంతమంది?"

"పన్నెండు కాన్పులు."

"పన్నెండు కాన్పుల మనిషి కదలకుండా ఎందుకు నిలబడిందో రాయడానికి మీ కవికి జామెట్రీ బాక్సు కావాల్సొచ్చిందా?"

నా దగ్గర జవాబు లేదు. శామ్యూల్ జాన్సన్ అనే పెద్దమనిషి 1779లో ఈ కవుల గురించి, పొంతన లేని భావాలను బలవంతంగా ఒకే కాడికి కట్టారని తిట్టాడని చెప్పి, మధ్యవర్తిని తెచ్చే ప్రయత్నం చేశాను. "ఎద్దునీ దున్ననీ కట్టినట్టు" అంటూ లేచి వెళ్లిపోయింది. ఎద్దు ఎవరో, దున్న ఎవరో నేను అడగలేదు. ఈలోగా మా అమ్మాయి వచ్చి, పొద్దున్నే లెక్కల పరీక్ష అని, పెన్సిలు మొన చూసి ఏడుపు లంకించుకుంది. పద్యంలో వద్దన్న ఏడుపు చివరికి అలా మా ఇంట్లో జరిగింది.

విశాఖపట్నంలో మూడో రోజు ఒక కట్టలో అదే ప్రశ్న. ఒకడు "డన్ తన భార్యను కంపాస్‌తో ప్రేమించెను" అని రాశాడు. మామూలుగా అయితే అర మార్కు. నేను రెండు వేశాను.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మాయి ఎత్తింది. అమ్మ ఏదని అడిగితే, "మీ ఫోన్ కోసమే ఇంతసేపూ బాల్కనీలో రెయిలింగ్ మీద వంగి నిలబడింది నాన్నా. సిగ్నల్ అక్కడే వస్తోంది. ఇప్పుడే పాలు దించడానికి వెళ్లింది" అంది.

నాకు ఒళ్లు జలదరించింది. ఒరిగి, చెవి ఒగ్గి! "ఎటు వైపు వంగింది? విశాఖపట్నం వైపేనా?"

"టవర్ వైపు" అంది.

పదో రోజు సాయంత్రం గేటు తీసేసరికి మా ఆవిడ గుమ్మంలో నిటారుగా నిలబడి ఉంది. ఇటూ అటూ ఒరగకుండా, నిలువుగీత గీసినట్టు. సంచీ కింద పెట్టి, పద్యంలో ముప్ఫై రెండో పంక్తి ఎదురుగా నిలబడ్డట్టు చూస్తూ ఉండిపోయాను.

"అలా చూడకండి. రోజూ ఆ రెయిలింగ్ మీద వంగి వంగి నడుం పట్టేసింది. వంగలేను, తిరగలేను. ఆ స్టూలు మీద బామ్ ఉంది, తెండి" అంది.

డైనింగ్ టేబుల్ మీద చిల్లు కనిపించలేదు. దానిమీద ఉప్పు డబ్బా పెట్టి ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవరూ జరపరు.