పీజీ కొంటున్నారా? లాభం కాదు, ఎన్నో బెడ్డు దగ్గర నష్టం మొదలవుతుందో అడగండి

బెంగళూరులో పీజీ వ్యాపారం దెబ్బతిన్నదని ఎవరిని కదిపినా రెండు కారణాలు చెబుతారు: ఐటీలో ఉద్యోగాలు పోతున్నాయి, కుర్రాళ్లు ఇంటి నుంచే పనిచేస్తున్నారు. మొన్నటిదాకా మూడో కారణం జీఎస్టీ. నెలకు మనిషికి 20,000 రూపాయల లోపు అద్దె తీసుకుని, కనీసం 90 రోజులు వరుసగా ఉండే వసతికి 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ మినహాయింపు ఇచ్చాక ఆ మాట కొంత తగ్గింది. మిగతా రెండూ నిజమే. కానీ అవి గాలివాన లాంటివి, ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. పదింటిలో ఒక బెడ్డు ఖాళీ అయితేనే లాభంలో సగానికి పైగా ఎగిరిపోయే వ్యాపారాన్ని మనవాళ్లు లక్షలు పోసి ఎందుకు కొంటున్నారన్నది అసలు ప్రశ్న.

మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పీజీలు నడిపేవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో చెప్పనక్కర్లేదు. 'రన్నింగ్ పీజీ అమ్మకానికి' అనే ప్రకటనలు కూడా కొత్త కాదు. బెడ్లు ఇన్ని, బిల్డింగ్ అద్దె ఇంత, అడ్వాన్సు ఇంత, నడుస్తున్న వ్యాపారాన్ని అప్పగించినందుకు గుడ్‌విల్ ఇంత, నెలకు మిగిలేది ఇంత. ఆ ఆఖరి అంకెను బట్టే బేరం తెగుతుంది. ఆ అంకె దాదాపు ఎప్పుడూ హౌస్‌ఫుల్ నెలది.

ఒక నమూనా లెక్క వేద్దాం. వంద బెడ్ల పీజీ. భోజనంతో కలిపి బెడ్డుకు సగటున 8,500 రూపాయలు వస్తాయనుకోండి. ఒక మనిషి చేరితే పెరిగే, వెళ్లిపోతే తగ్గే ఖర్చు బియ్యం, కూరగాయలు, పాలు, గ్యాస్, ఆ మనిషి వాడే కరెంటు, నీళ్లు అన్నీ కలిపి 3,000. అంటే ఒక్కో బెడ్డు నెలకు 5,500 తెచ్చిపెడుతుంది. కామర్స్ చదివినవాళ్లు దీన్ని కాంట్రిబ్యూషన్ అంటారు. ఇది ఇంకా లాభం కాదు. ముందు స్థిర ఖర్చులు తీరాలి: బిల్డింగ్ అద్దె 3,00,000, వంటమాస్టరు, హెల్పర్లు, క్లీనింగ్ మనుషులు, మేనేజరు జీతాలు 80,000, లిఫ్టు, వైఫై, మెట్ల మీద లైట్లు, చిల్లర రిపేర్లు 32,500. మొత్తం 4,12,500. బిల్డింగ్ నిండినా, సగం ఖాళీగా ఉన్నా ఇవి కట్టాల్సిందే.

ఈ మొత్తాన్ని 5,500తో భాగిస్తే 75 వస్తుంది. లాభమూ నష్టమూ లేని ఈ చోటే బ్రేక్ ఈవెన్. మొదటి డెబ్బై అయిదు మందీ బిల్డింగ్ ఓనరు కోసం, వంటమాస్టరు కోసం ఉంటున్నట్టు. డెబ్బై ఆరో మనిషి నుంచి మీ కోసం. వందా నిండితే మిగిలేది 1,37,500, ప్రకటనలో వేసే అంకె అదే. తొంభై ఉంటే 82,500.

తొంభై మంది ఉన్న నెలను మామూలు నెల అనుకుందాం. బ్రేక్ ఈవెన్ దాటి పదిహేను బెడ్లు ఉన్నాయి. తొంభైలో పదిహేనంటే 16.67 శాతం. ఇదే మార్జిన్ ఆఫ్ సేఫ్టీ, అంటే నష్టంలో పడకుండా అమ్మకాలు ఎంతవరకు తగ్గొచ్చో చెప్పే కొలత. రెండో కొలత ఆపరేటింగ్ లెవరేజ్. మొత్తం కాంట్రిబ్యూషన్ 4,95,000ను లాభం 82,500తో భాగిస్తే 6 వస్తుంది. అమ్మకాలు ఒక శాతం కదిలితే లాభం ఆరు శాతం కదులుతుందని దీని అర్థం. తొమ్మిది మంది ఖాళీ చేస్తే, అంటే పది శాతం తగ్గితే, పోయేది 49,500. లాభంలో అరవై శాతం. తొమ్మిది మంది ఎక్కువగా చేరినా అంతే పెరుగుతుంది. అందుకే మంచి రోజుల్లో ఈ వ్యాపారం అంత ముచ్చటగా కనిపిస్తుంది.

ఈ రెండు కొలతలూ ఒకదానికొకటి తిరగేసిన లెక్కలే. ఒకటిని 16.67 శాతంతో భాగిస్తే ఆరు. ఎనభై మందే ఉంటే మార్జిన్ 6.25 శాతం, లెవరేజ్ 16. ఒకే పీజీ, అదే వంట, అదే అద్దె, కానీ కుదుపు ఆరు నుంచి పదహారుకు వెళ్లింది. 'మా వ్యాపారం లెవరేజ్ ఇంత' అని ఒక అంకె చెప్పి ఊరుకోవడం తప్పు. బ్రేక్ ఈవెన్‌కు దగ్గరయ్యే కొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. ఒక నెల ఆరుగురు వెళ్లినా నిబ్బరంగా ఉన్న మనిషి తర్వాతి నెల ముగ్గురు వెళ్లేసరికి ఎందుకు కంగారు పడతాడంటే ఇందుకే.

పైగా నేను వేసిన లెక్క కాస్త ఉదారమైనది. మనిషి తగ్గగానే 3,000 మిగులుతుందన్నాను. వంటింట్లో అలా జరగదు. తొంభై మందికి పెట్టే సాంబారు గిన్నె ఎనభై అయిదు మందికీ అదే గిన్నె. మిగిలింది పారబోస్తారు. నిజంగా మిగిలేది రెండు వేలో, రెండున్నర వేలో అయితే ఆ దెబ్బ ఇంకా గట్టిది. అరవైకి పడిపోతే ఒక హెల్పరును తగ్గించొచ్చు, అప్పుడు స్థిర ఖర్చు కూడా ఒక మెట్టు దిగుతుంది. కానీ అరవై దాకా తట్టుకుని నిలబడేవాళ్లు తక్కువ.

ఇక ప్రకటనలో ఎవరూ రాయని ఖర్చు ఒకటుంది. బెంగళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడగడం పాత ఆనవాయితీ. ఇక్కడ అది 30 లక్షలు. 'తిరిగొచ్చే డబ్బే కదా' అని లెక్కలో వేసుకోరు. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో తెస్తే నెలకు 60,000. ఇదీ స్థిర ఖర్చే, ఎవరు చేరినా చేరకపోయినా ఒకటో తేదీకి కట్టాల్సిందే. దీన్ని కలిపితే స్థిర ఖర్చు 4,72,500, బ్రేక్ ఈవెన్ 86 బెడ్లు. తొంభై మంది ఉన్నప్పుడు మిగిలేది 22,500. లెవరేజ్ ఆరు కాదు, ఇరవై రెండు. అదే తొమ్మిది మంది వెళ్లిపోతే ఈసారి 27,000 నష్టం. సొంత డబ్బు పెట్టినవాడికీ అప్పు తెచ్చినవాడికీ ఒకే వీధిలో ఒకేలాంటి పీజీ ఉన్నా, వాళ్లు చేస్తున్నది ఒకే వ్యాపారం కాదు.

దీని మీద గుడ్‌విల్ పదిహేను లక్షలు అడిగారనుకోండి. హౌస్‌ఫుల్ లెక్కన పదకొండు నెలల్లో వచ్చేస్తుంది. అమ్మేవాడు చెప్పేదీ అదే. తొంభై బెడ్లతో, అడ్వాన్సు వడ్డీ కలిపి చూస్తే అయిదున్నరేళ్లు. ఆ పదిహేను లక్షలూ రెండు రూపాయల వడ్డీకే తెస్తే నెలకు మరో 30,000. మిగిలే 22,500 దానికే చాలదు.

'ఖాళీ బెడ్డు కంటే తక్కువకిచ్చిన బెడ్డు నయం కదా' అంటారు. నిజమే, మూడు వేలకు పైన ఎంతొచ్చినా స్థిర ఖర్చుకు పనికొస్తుంది. కొత్తగా చేరేవాళ్లకు ఒకటి రెండు నెలలు తగ్గించి ఇస్తే తప్పులేదు. చిక్కేమిటంటే గేటు మీద బోర్డు మార్చగానే పాతవాళ్లూ అడుగుతారు. అందరికీ 500 తగ్గిస్తే బెడ్డు తెచ్చేది 5,000కు పడుతుంది, బ్రేక్ ఈవెన్ 75 నుంచి 83కు ఎక్కుతుంది. పాత 82,500 మళ్లీ రావాలంటే 99 బెడ్లు నిండాలి. పక్క పీజీవాడు కూడా అదే వారం తగ్గిస్తాడు, ఎందుకంటే వాడి బెడ్లూ అదే ఐటీ కంపెనీ ఉద్యోగాలు తీసేయడం వల్లే ఖాళీ అయ్యాయి.

కొనేముందు అమ్మేవాడి నోటిలెక్క వదిలేసి పన్నెండు నెలల బెస్కామ్ కరెంటు బిల్లులు, గ్యాస్ సిలిండర్ల బిల్లులు, బియ్యం కొట్టు ఖాతా అడగండి. రిజిస్టరులో పేర్లు ఎన్నయినా రాయొచ్చు, తినని మనిషి పేరు మీద బియ్యం తెప్పించరు. పన్నెండు నెలల్లో ఎన్ని నెలలు 86 దాటిందో చూడండి. అద్దె అగ్రిమెంటులో ఏటా అయిదు శాతం పెంపు ఉందేమో కూడా. బెడ్డు రేటు పెరగకపోతే ఆ పెంపు ఒక్కటే, వడ్డీ సంగతి పక్కన పెట్టినా, మూడేళ్లలో బ్రేక్ ఈవెన్‌ను 75 నుంచి 84కు తీసుకెళ్తుంది.

ఇదంతా కొనేవాడి జాగ్రత్త. కానీ నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. ఐటీ కంపెనీలు చాలాకాలంగా చేస్తున్న పని స్థిర ఖర్చును మారే ఖర్చుగా చేసుకోవడమే. సొంత ఆఫీసు బదులు సీటు లెక్కన కోవర్కింగ్, పర్మనెంటు ఉద్యోగి బదులు కాంట్రాక్టు మనిషి, వారానికి మూడు రోజులే ఆఫీసు. ఆర్డర్లు తగ్గితే వాళ్ల ఖర్చూ తగ్గుతుంది. ఆ కుదుపు మాత్రం ఎక్కడికీ పోదు. కాంట్రాక్టు కుర్రాడి మీదికి, అతను ఖాళీ చేసిన బెడ్డు మీదికి, అక్కడి నుంచి నెల్లూరులోనో అనంతపురంలోనో పొలం తాకట్టు పెట్టి అడ్వాన్సు కట్టిన మనిషి మీదికి దిగుతుంది. ఈ గొలుసులో అద్దె తగ్గించుకోకుండా, నష్టం అంటకుండా ఉండేది బిల్డింగ్ ఓనరు ఒక్కడే. పీజీవాడు కూడా చేతనైన చోట అదే పని చేస్తాడు, వంటమనిషి నెలజీతాన్ని రోజుకూలీ చేస్తాడు. ఎనభై వేలలో ఎంత కోసినా మూడు లక్షల అద్దె ముందు అదెంత?

అద్దెను తాకాలి. మాల్స్‌లో షాపులకు కనీస అద్దె, దానితోపాటు అమ్మకాల్లో వాటా అనే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. పీజీ బిల్డింగుకు ఎందుకు ఉండకూడదు? కనీస అద్దె 1,65,000, నిండిన ప్రతి బెడ్డుకూ 1,500 అనుకోండి. తొంభై బెడ్ల దగ్గర ఓనరుకు అదే మూడు లక్షలు, పీజీవాడికి అదే 82,500. కానీ బ్రేక్ ఈవెన్ 70కి దిగుతుంది. తొమ్మిది మంది వెళ్లిపోతే 33,000 బదులు 46,500 మిగులుతుంది. వందా నిండితే పీజీవాడికి 15,000 తగ్గి ఓనరుకు అంత పెరుగుతుంది. బెడ్లు దాస్తారేమోనన్నది ఓనరు అనుమానం, దానికి కరెంటు మీటరు అతని గోడ మీదే ఉంది. ఓనర్లు ఇప్పుడే ఒప్పుకుంటారని నేననుకోను. ఎనిమిది నెలలుగా టు-లెట్ బోర్డు వేలాడుతున్న బిల్డింగు దగ్గర మాత్రం ఈ బేరం మొదలుపెట్టొచ్చు.