చేతికి మల్టీమీటర్ ఇచ్చి చూడండి, ఎవరికి పని వచ్చో తెలుస్తుంది

హైదరాబాద్‌లో ఎంబెడెడ్ ఇంటర్వ్యూ అంటే ఇప్పటికీ అదే వరస, ఇంటరప్ట్ అంటే ఏంటి, ఐటూసీకి ఎస్‌పీఐకి తేడా ఏంటి, జవాబులన్నీ అమీర్‌పేటలో దొరికే జిరాక్స్ నోట్స్‌లో ఉన్నవే. నేను ప్యానెల్‌లో కూర్చున్న ఒక చోట మాత్రం ప్రశ్న మార్చి చూశా. ఎస్టీఎం32ఎఫ్103 బోర్డు, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మామూలు మల్టీమీటర్, అంతే, స్కోప్ లేదు.

సమస్య ఇదీ. పీసీ నుంచి యూఆర్టీ మీద 115200 స్పీడ్‌లో ఆగకుండా 100 బైట్లు పంపితే బోర్డుకి 89 దాకానే అందుతున్నాయి, 9600కి దించితే అన్నీ వస్తున్నాయి. చాలామంది "వైర్ లూజ్ అయ్యుంటుంది సర్", లేదా "9600లోనే పెట్టేద్దాం" అన్నారు. ఒకమ్మాయి మాత్రం టైమర్ ఇంటరప్ట్‌లో రెండు లైన్లు రాసింది:

```c
GPIOA->BSRR = 1 << 5;   // మొదట్లో
GPIOA->BRR  = 1 << 5;   // చివర్లో
```

ఆ పిన్ మీద మీటర్‌ని డీసీలో పెడితే 0.66 వోల్టులు. పిన్ హై అయితే 3.3 కాబట్టి ఇది 20 శాతం, టైమర్ 1 మిల్లీసెకనుకోసారి కొడుతోంది కాబట్టి ఒక్కోసారి లోపల 200 మైక్రోసెకన్లు ఉంటోంది. మీటర్ చూపించేది సగటు మాత్రమే, ఎప్పుడో ఒకసారి జరిగే జాప్యాన్ని అది పట్టలేదు, కానీ ఇక్కడ ప్రతిసారీ అదే కథ.

"20 శాతమే కదమ్మా, ప్రాసెసర్ ఖాళీగానే ఉందిగా?" అన్నా.

"ఖాళీగా ఉంటే ఏంటి సర్, బైటుకి 10 బిట్లు, అంటే 87 మైక్రోసెకన్లకో బైట్ వస్తోంది. ఈ చిప్ యూఆర్టీలో ఫిఫో లేదు, ఒక బైట్ తియ్యకుండా ఉంచితే తర్వాతది పోతుంది" అంది. డీబగ్గర్‌లో, బైట్ పోయిందని చెప్పే ORE బిట్ చూపించింది. 9600లో అయితే బైటుకి మిల్లీసెకను పైనే పడుతుంది, అందుకే అక్కడ తప్పు దాక్కుంది.

200 ఎక్కడివంటే, టైమర్ ఇంటరప్ట్ లోపలే సెన్సర్‌ని ఐటూసీ మీద చదువుతున్నారు, 100 కిలోహెర్ట్జ్‌లో బైటుకి 9 క్లాకులు, అడ్రస్ ఒకటి డేటా ఒకటి, లెక్క సరిపోయింది. రెండు ఇంటరప్టులకీ ప్రయారిటీ ఒకటే కాబట్టి యూఆర్టీ బయట నిలబడాల్సిందే. ఆమె లోపల ఒక ఫ్లాగ్ మాత్రం ఉంచి చదవడాన్ని మెయిన్ లూప్‌లోకి మార్చింది, మీటర్ దాదాపు సున్నాకి వచ్చింది, 100కి 100 బైట్లు వచ్చాయి.

రోజుకి వందల మంది వస్తే అందరికీ బోర్డులివ్వడం కుదరదంటారు, నిజమే, కానీ ఆఖరి పదిమందికైనా ఇవ్వొచ్చుగా.

అసలు రోగం ఇంటర్వ్యూ గదిలోది కాదులెండి. ఇంటర్ నుంచి ఎంసెట్ బిట్ బ్యాంకులు రుద్దించాం, ఇంజినీరింగ్ ల్యాబుల్లో సీనియర్ల రికార్డు చూసి రీడింగులు ఎక్కించే పద్ధతి పెట్టాం, తర్వాత పిల్లలకి డీబగ్గింగ్ రాదని మనమే ఏడుస్తాం.

ఆ అమ్మాయిని తీసుకున్నారా అంటే, లేదు. రాతపరీక్షలో ఐటూసీ ఫుల్‌ఫామ్ తప్పు రాసింది, కటాఫ్‌కి 2 మార్కులు తగ్గాయన్నారు.