కౌన్సెలింగ్ అనే మంచి మాటను పాడుచేసిన మేడం

గుంటూరులో మా అబ్బాయి చదివే ఇంజినీరింగ్ కాలేజీలో మొన్న తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అక్కడ తెలుగు భాషకు జరిగిన ఒక అన్యాయాన్ని నలుగురి దృష్టికి తేవడానికి ఇది రాస్తున్నాను.

మన ప్రాంతంలో కౌన్సెలింగ్ అనే మాటకు మూడు అర్థాలున్నాయి. మూడూ బాగా స్థిరపడినవే. మొదటిది ఎంసెట్ కౌన్సెలింగ్. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు గానీ మా తరానికి ఆ పేరు నోరు తిరగదు. వెబ్ ఆప్షన్లు పెట్టుకుని, సీటు ఎక్కడొస్తుందా అని ఇంటిల్లిపాదీ ఫోన్ ముందు కూర్చుంటే అదీ కౌన్సెలింగ్. రెండోది పోలీసు వారిది. రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిపించి వరసగా నిలబెట్టి ఇస్తారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఫోటో కూడా పడుతుంది. మూడోది కాలేజీ వారిది. కొంతమంది పిల్లలకు ఒక లెక్చరర్‌ను కౌన్సెలర్ అని వేస్తారు. అటెండెన్స్ 75 శాతం దాటకపోతే ఆయన ఇంటికి ఫోన్ చేస్తాడు. మా వాడి కౌన్సెలర్ నంబరు నా ఫోన్లో ‘ఎత్తొద్దు’ అనే పేరుతో భద్రంగా ఉంది.

అంటే ఒక కౌన్సెలింగ్‌లో సీటొస్తుంది, ఒక దానిలో తిట్లొస్తాయి, ఒక దానిలో ఫోనొస్తుంది. ‘నీకెలా ఉంది?’ అని ఎవరైనా అడిగే కౌన్సెలింగ్ ఈ మూడింట్లోనూ లేదు. ఇన్నేళ్ళూ మనకా లోటు తెలియలేదు.

ఈ ప్రశాంతతను మ్యాథ్స్ మేడం ఒకావిడ భగ్నం చేసింది. కరస్పాండెంట్ గారు ప్లేస్‌మెంట్ల గురించి ముప్పావుగంట మాట్లాడాక, భోజనాలకు ముందు ఆవిడకు మైకిచ్చారు. శాలువా లేదు, బొకే లేదు, ‘వేదికనలంకరించిన పెద్దలకు’ అన్న మాట కూడా లేదు. మొత్తం ఆరు నిమిషాలు. బిర్యానీ వాసన వస్తోంది కాబట్టి గడియారం చూస్తూనే ఉన్నాను.

“పిల్లలూ, పోయినేడాది నేను కొత్తపేటలో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. నా టోకెన్ నంబరు 23” అని మొదలుపెట్టింది.

హాలు గప్‌చుప్. గుంటూరు కొత్తపేట అంటే వీధికి ఇన్ని ఆసుపత్రులు. మోకాలికీ, కంటికీ, సుగరుకీ అందరం అక్కడికే పోతాం. ఆ బోర్డుల్లో సైకియాట్రిస్టు బోర్డు కూడా ఉంటుందని మనకు తెలుసు. దాని కింద నుంచి వెళ్ళేటప్పుడు నడక కొంచెం పెంచుతాం, అంతే.

ఆవిడ ముఖానికి మాస్కు పెట్టుకుని బల్ల మీద కూర్చుందట. పక్కన కూర్చున్నాయన కూడా మాస్కే. ఇద్దరూ గోడ మీద మందుల కంపెనీ క్యాలెండర్‌ను పావుగంట శ్రద్ధగా చూశారట. చివరికి ఆయనే నెమ్మదిగా “మేడం, మీ టోకెన్ ఎంత?” అన్నాడట. తన క్లాసులో కుర్రాడి తండ్రి! “నాది 23 అండి.” “నాది 24 అండి.” తర్వాత వాళ్ళబ్బాయి మిడ్ మార్కుల గురించి మాట్లాడుకున్నారట. సైకియాట్రిస్టు వరండాలో ఇంతకు మించిన ఘోరం ఏదీ జరగలేదని ఆవిడ సాక్ష్యం చెప్పింది. ఈ మాట విన్న దగ్గర్నుంచి నేను హాల్లో 24 నంబరు ఎవరిదా అని అందరి ముఖాలూ చూస్తూనే ఉన్నాను. విచిత్రం, నావైపు కూడా ఇద్దరు ముగ్గురు అనుమానంగా చూశారు.

లోపల ఏం జరిగిందో కూడా దాచలేదు. నిద్ర ఎలా పడుతోంది, తిండి ఎలా ఉంది, ఎన్నాళ్ళుగా ఇలా ఉంది, పనిమీద ధ్యాస నిలుస్తోందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని డాక్టరు నేరుగానే అడిగాడట. తర్వాత మనసు గురించి ఉపన్యాసం ఇవ్వకుండా థైరాయిడ్ పరీక్షకు రక్తం ఇచ్చి రమ్మన్నాడట. థైరాయిడ్ తగ్గినా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి కాబట్టి ముందు అది కాదని తేల్చుకోవాలట. రిపోర్టు నార్మల్ వచ్చాక ఒక మాత్ర రాశాడు. మొదటి వారం కడుపులో తిప్పింది తప్ప లాభం ఏమీ కనిపించలేదు. మూడో వారానికి గానీ పొద్దున్నే లేవాలనిపించలేదట. “మధ్యలో పదో రోజున ఈ మందు పనిచేయదని తేల్చేసి డబ్బా అటక మీద పెట్టబోయాను. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందని ముందే చెప్పారు గనక ఆగాను” అంది. బాగయ్యాక కూడా చాలా నెలలు వాడాలట, ఆపేటప్పుడు డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తాడట.

ఇది మన సంప్రదాయానికి పూర్తిగా విరుద్ధం. మా ఇంట్లో ఏ మందైనా బాగనిపించిన రోజునే ఆపేస్తాం. మా నాన్నగారు బీపీ మాత్రలు కూడా అలాగే ఆపారు. తర్వాత ఏమైందన్నది ఈ వ్యాసానికి అనవసరం.

అక్కడితో ఆగినా బాగుండేది. పిల్లలందరి చేతా ఒక వాక్యం పైకి చదివించింది. పిల్లలు సాయం అడగకపోవడానికి సిగ్గు సగం కారణమట. మిగతా సగం, ఏమని మొదలుపెట్టాలో తెలియకపోవడమట. “మేడం, నాకేం బాలేదు” అంటే అవతలి వాళ్ళు “టెన్షన్ పడకు, అంతా సర్దుకుంటుంది” అనేస్తారు, అక్కడితో మాట అయిపోతుంది. అందుకని వాక్యంలో మూడు సంగతులుండాలంది. ఎన్నాళ్ళుగా, ఏ పని ఆగిపోయింది, ఇప్పుడేం కావాలి. బోర్డు మీద ఇలా రాసింది: “మేడం, రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదు. పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం ఎక్కట్లేదు. ఎవరితో మాట్లాడాలో చెప్పండి.”

రెండు వారాలనే లెక్క ఎందుకో కూడా చెప్పింది. సప్లీ వస్తే నాలుగు రోజులు ఎవరికైనా దిగులుగానే ఉంటుంది, అది జబ్బు కాదు. దిగులో, ఏదీ ఇష్టం లేకపోవడమో దాదాపు రోజంతా, దాదాపు ప్రతి రోజూ రెండు వారాలుంటే అప్పుడు డాక్టర్లు డిప్రెషనేమో చూస్తారట. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలూ లేదు, రెండు గంటలూ లేదు, వెంటనే చెప్పాలంది. స్నేహితుడి మీద అలాంటి అనుమానం వస్తే నేరుగా అడిగేయమంది. అడిగితే లేని ఆలోచన పుట్టదట. అడిగాక సలహాలివ్వకుండా పక్కనే ఉండి, పెద్దవాళ్ళెవరి దగ్గరికైనా తీసుకెళ్ళాలట. నేను వేదాంతం చెప్పడంలో దిట్టను కాబట్టి ఈ ‘సలహాలివ్వకుండా’ అన్న మాట నన్ను ఉద్దేశించే అన్నదని నా నమ్మకం.

రెండొందల మంది ఆ వాక్యం చదివారు. మొదటిసారి నవ్వుకుంటూ చదివారు. రెండోసారి చదివించింది. మూడో వరసలో ఒక కుర్రాడు ‘ఒక్క అక్షరం’ దగ్గర ఆగిపోయి, వంగి షూ లేసు కట్టుకున్నాడు. వాడు వేసుకున్నవి చెప్పులు. మేడం చూసింది, చూడనట్టు బోర్డు తుడిచింది.

ఒక అమ్మాయి లేచి “మేడం, మీకు చెబితే ఇంటికి చెప్తారా?” అంది. హాల్లో తల్లిదండ్రులందరం చెవులు రిక్కించాం. నిజానికి మా ఆసక్తి అంతా అక్కడే. “నీ మార్కులూ, నీ ప్రేమలూ చెప్పను. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే మాత్రం చెప్తాను, చెప్పే ముందు నీకు చెప్పి చెప్తాను” అంది మేడం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్సకు వెళ్ళిన వాళ్ళ వివరాలు గోప్యంగా ఉంచాలట, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు తప్ప. తాను లెక్కల టీచర్నే గానీ డాక్టర్ని కాదనీ, మందులివ్వలేననీ, దారి చూపించి తోడు రాగలననీ, తనకు చెప్పుకున్నంత మాత్రాన అటెండెన్స్ పెరగదనీ స్పష్టం చేసింది. ఆ చివరి మాటకే పిల్లలు ఎక్కువ నిరాశపడ్డారు.

యాజమాన్యం మాత్రం మాట దక్కించుకుంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరైనా ఉండాలని చెప్పింది. వైజాగ్‌లో కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద వచ్చిన కేసది. మా కాలేజీ వారు వెంటనే ఒక గదికి బోర్డు తగిలించారు. గది సరిగ్గా ప్రిన్సిపాల్ రూముకు ఎదురుగా ఉంటుంది. బయట బల్ల మీద రిజిస్టరు. పేరు, రోల్ నంబరు, సెక్షన్, వచ్చిన కారణం, తండ్రి ఫోన్ నంబరు. కారణం గళ్ళో ఇప్పటివరకు ఒక్కటే ఎంట్రీ ఉంది: ‘ఫ్యాన్ రిపేరు’. ఎలక్ట్రీషియన్ రాశాడు. పిల్లలెవ్వరూ రావడం లేదంటే సమస్యలెవ్వరికీ లేనట్టేనని కరస్పాండెంట్ గారు సంతోషపడ్డారు. మేడం ఆ రిజిస్టరు తీసేసి గదిని లైబ్రరీ వెనక్కి మార్చమని అడుగుతోందట. లైబ్రరీకైతే ఎందుకెళ్ళావని ఎవరూ అడగరు కదా అని ఆవిడ వాదన. మా కాలేజీలో లైబ్రరీకి వెళ్ళినా అడుగుతారని ఆవిడకు తెలియదు పాపం.

దిగే ముందు బోర్డు మీద 14416 అని రాసింది. టెలీమానస్ అట. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బులు పడవు, రాత్రయినా పగలయినా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. “మొదటిసారి చేసినప్పుడు మీ గురించి అని చెప్పలేకపోతే స్నేహితుడి గురించి అని చెప్పండి, ఏం పర్లేదు” అంది.

చూశారా, అబద్ధం కూడా నేర్పింది! దీని మీద గట్టిగా ఒక పేరా రాద్దామనుకున్నాను. కానీ విమర్శించేవాడు విషయాన్ని స్వయంగా పరీక్షించాలి కదా. నేనెలాగూ నాలుగు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నాను. అది వయసు వల్ల, ఇంటి లోను వల్ల, బ్రాడీపేట దోమల వల్ల. ఆ ఖాళీ సమయంలో బాల్కనీ తలుపు దగ్గరికేసి ఆ నంబరు కొట్టాను. భాష ఎంచుకోమంది, తెలుగు నొక్కాను. ఒక అమ్మాయి “చెప్పండి సార్” అంది.

“మా స్నేహితుడొకడున్నాడమ్మా. నాలుగు నెలలుగా నిద్ర పట్టడం లేదు” అన్నాను.

“అలాగా సార్. మీ స్నేహితుడు రాత్రి అన్నం తిన్నారా?” అంది ఆ అమ్మాయి.

ఆలోచించి చెప్పాల్సి వచ్చింది.