సవరణ: పైలోరస్ దగ్గర కనిపించే గుండ్రటి ముద్ద

“కుక్కను కుడి పక్క పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో, కడుపు చివర పేగులోకి తెరుచుకునే పైలోరస్ దగ్గర గుండ్రటి ముద్ద కనిపిస్తే మింగిన బంతి అనుకుని ఎండోస్కోపీకి వెళ్లొచ్చని రాశారు. ఆ ఒక్క వ్యూ చాలా?”

చాలదు. అలా రాయడం నా తప్పు. కుక్క కుడి పక్కన పడుకుంటే కడుపులోని ద్రవం పైలోరస్‌లోకి దిగుతుంది. ద్రవంతో నిండిన పైలోరస్ అచ్చం బంతిలాగే ఉంటుంది. ఎడమ పక్కకు తిప్పితే గ్యాస్ అక్కడికి చేరుతుంది. నిజంగా వస్తువు ఉంటే ఆ నల్లటి గ్యాస్ మధ్య దాని అంచు తేలుతుంది.

రెండు రోజులుగా వాంతులు చేసుకుంటున్న ఒక కుక్కలో ఇలాగే జరిగింది. ఎడమ వ్యూలో బంతి మాయమైంది, పైలోరస్ నిండా గ్యాసే. కానీ చిన్నపేగు చుట్టల్లో కొన్ని మామూలుగా, కొన్ని బాగా ఉబ్బి ఉన్నాయి. ఐదో నడుము వెన్నుపూస ఎత్తు 12 మి.మీ., ఉబ్బిన పేగు 27 మి.మీ. అంటే 2.25 రెట్లు. 1.6 లోపు ఉంటే అడ్డంకి అవకాశం తక్కువ, 2 దాటితే బలమైన అనుమానం. మధ్యలో వస్తే అల్ట్రాసౌండ్ చేయాలి, లేదా కొన్ని గంటలాగి మళ్లీ ఎక్స్‌రే తీయాలి.

ఎండోస్కోప్ సాధారణంగా కడుపు, చిన్నపేగు మొదట్లో ఉండే డుయోడినంలో మొదటి భాగం వరకే పనికొస్తుంది. అందుకే ముందు సెలైన్‌తో నీరు, లవణాలు సరిచేసి సర్జరీ చేశారు. డుయోడినం తర్వాత వచ్చే చిన్నపేగు భాగమైన జెజునంలో రబ్బరు ముక్క దొరికింది. నా పాత సలహా పాటించి ఉంటే అనవసరంగా ఒక మత్తు, విలువైన గంటలు పోయేవి.

ఇంకొకటి కూడా వదిలేశాను. పేగు బయట పొట్టలో గ్యాస్ కనిపిస్తే, ఈమధ్య పొట్ట ఆపరేషన్ జరగని కుక్కలో అది చిల్లు పడిందనడానికి గుర్తు. అప్పుడు ఎండోస్కోపీ ఆలోచన వద్దు, వెంటనే సర్జరీయే.