అయిదు థాంక్యూల సంప్రదాయానికి ముప్పు

హైదరాబాదులోని ఇంజనీరింగు కళాశాలల్లో గ్రూపు ప్రాజెక్టుకు ఒక స్థిరమైన ఆచారం ఉంది. ఉదయం పదింటికి ప్రజెంటేషను అనగా, ముందురోజు రాత్రి పదకొండు దాటాక వాట్సాప్ గ్రూపులో అయిదు ఫైళ్లు వచ్చి పడతాయి. వాటిలో ఒకటి పీడీఎఫ్, ఒకటి నోటుపుస్తకం పేజీకి తీసిన ఫొటో, ఒకదాని పేరు ఫైనల్, ఇంకొకదాని పేరు ఫైనల్ కొత్తది. మంచి లాప్‌టాప్ ఉన్న పాపానికి ఒకరు వాటన్నిటినీ వచ్చిన వరుసలోనే అతికించి, “మామా, కలిపేశా, ఎవరివి వాళ్లు చూసుకోండి” అని రాసి పడుకుంటారు. ఎవరూ చూసుకోరు.

సమీక్షలకు కూర్చునే అధ్యాపకుడిగా నాకు ఈ పద్ధతి మీద అపారమైన గౌరవం ఉంది. స్లైడు రంగు మారిందంటే మనిషి మారాడని కునికిపాట్లలో కూడా తెలుస్తుంది. ఒక్కొక్కరూ ఇంట్రడక్షనుతో మొదలుపెట్టి థాంక్యూతో ముగిస్తారు కనుక, పది నిమిషాల్లో అయిదుసార్లు చప్పట్లు కొట్టే వ్యాయామం దక్కుతుంది. మధ్యమధ్యలో “నౌ మై ఫ్రెండ్ విల్ కంటిన్యూ” అన్న మంత్రం వినిపించినప్పుడు, ఆ ఫ్రెండు ఎవరో తేలేదాకా అయిదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఆ నిశ్శబ్దంలో టీ తాగవచ్చు.

ఈ సెమిస్టరులో ఒక బృందం ఈ ఆచారాన్ని బాహాటంగా భగ్నం చేసింది. తీసుకున్న విషయం మూసీ వరదలు. వచ్చిన సామగ్రి మాత్రం సలక్షణంగానే ఉంది. ఒకరు 1908 సెప్టెంబరు 28 నాటి వరద గురించి, ఒకరు ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల గురించి, ఒకరు 2020 అక్టోబరు వానల గ్రాఫులు, ఒకరు చెరువులు, నాలాల కబ్జా, చివరివాడు సూచనలు పంపారు. అన్నీ కలిపితే నలభై పైచిలుకు స్లైడ్లు. రోల్ నంబరు వరుసలో పెడితే సూచనలు మొదటికి, 1908 వరద ఆఖరికి వచ్చేవి. వరద రాకముందే నివారణ పూర్తయ్యే ఆ అపురూపమైన అవకాశాన్ని వాళ్లు చేజేతులా వదులుకున్నారు.

దీనంతటికీ కారకురాలు ఆ బృందంలోని ఒక అమ్మాయి. ఫైళ్లు చేతికి రాగానే అతికించాల్సింది పోయి, “నీ భాగం విన్నాక సార్లకు గుర్తుండాల్సిన ఒక్క వాక్యం పంపు” అని ప్రతివారినీ అడిగిందట. నాలుగు రోజులు కష్టపడి పన్నెండు స్లైడ్లు చేసినవాణ్ణి పట్టుకొని ఒక్క వాక్యం అడగడం ఎంత అవమానమో ఆలోచించండి. పైగా ఆ వాక్యం రాయలేకపోయినవాడికి, తన పన్నెండు స్లైడ్లలో ఏముందో తనకే తెలియదన్న రహస్యం బయటపడుతుంది. సూచనలు పంపినవాడు “ఏదో ఒకటి రాసుకో, లైట్ తీస్కో” అన్నాడట. ఆమె తీసుకోలేదు.

ఆ అయిదు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, ముందుదాన్ని వినకుండా ఏది అర్థం కాదో చూసుకొని వరుస నిర్ణయించింది. వరద వచ్చింది, అందుకని జలాశయాలు కట్టారు, అయినా 2020లో ఊరు మునిగింది, ఎందుకంటే నాలాలు పూడాయి, కాబట్టి ఇదీ చేయాల్సింది. ఆ వాక్యాలే స్లైడ్ల శీర్షికలయ్యాయి. ఇంట్రడక్షన్, ఓవర్‌వ్యూ, కన్‌క్లూజన్ అన్న పూజ్యపదాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఏ శీర్షికనూ బలపరచని స్లైడ్లను చివరికి జరిపి దాచేయడంతో పదకొండే మిగిలాయి. దాచింది గాని చెరిపేయలేదు. ప్రశ్న ఎదురైతే తీసి చూపించవచ్చునన్న దురాలోచన అందులో ఉంది. మిగిలినవాటిని పవర్‌పాయింట్‌లో అతికించేటప్పుడు, అయిదు రంగులనూ కాపాడే Keep Source Formatting ఉండగా, Use Destination Theme నొక్కింది. మా కునుకుకు ఉన్న ఏకైక ఆధారం అలా పోయింది.

సమయం పంపకంలోనూ సమానత్వం లేదు. పది నిమిషాలను అయిదుగురికి తలా రెండు చొప్పున పంచడం ఏ పంచాయతీలోనైనా చెల్లే న్యాయం. ఈమె మాత్రం మాట మారే చోట్లకూ తడబాట్లకూ అని ఒక నిమిషం పక్కన పెట్టి, తొమ్మిదే పంచింది. అందులో నాలాల భాగానికి రెండున్నర ఇచ్చి, వరద కథను ఒకటిన్నరకు కుదించింది. అసలు వాదనంతా నాలాల దగ్గర ఉందట, 1908 సంగతి హైదరాబాదు వాళ్లకు కొంత తెలిసిందేనట.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టింది మాట చేతులు మారిన తీరు. విశ్వేశ్వరయ్య సలహా, మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి కావడం, ఇవన్నీ చెప్పిన కుర్రవాడు చివర “ఈ రెండూ నగరానికి ఎగువన ఉన్నాయి. పైనుంచి వచ్చే నీటిని పట్టి ఉంచగలవు. మరి ఊరి మీదే కురిసిన వానను ఏవి ఆపాలి?” అని అడిగి, పక్కనున్న అమ్మాయి వైపు తిరిగాడు. ఫ్రెండు ప్రస్తావన లేదు, థాంక్యూ లేదు. ఆమె అప్పటికే తెర పక్కకు వచ్చి నిలుచుంది. క్లిక్కరు అందుకొని, పాత స్లైడు తెర మీద ఉండగానే “2020 అక్టోబరులో కురిసింది అలాంటి వానే” అని, అప్పుడు గ్రాఫు తెచ్చింది. ప్రశ్న ఒకరిది, జవాబు మరొకరిది కావడంతో, మనిషి మారిన సంగతి నేను గ్రహించేలోపే సగం గ్రాఫు అయిపోయింది.

ఇంత నున్నగా అతుకు కుదరడానికి రాత్రంతా సాధన చేశారేమోనని ఆరా తీశాను. మొత్తం ప్రజెంటేషను ఒక్కసారే చేసి చూశారట. అతుకులు మాత్రం, అంటే ఒకరి చివరి రెండు వాక్యాలు, తర్వాతివారి మొదటి రెండు వాక్యాలు, వరండాలో నిలబడే అయిదారుసార్లు తిప్పారట. నాలుగే అతుకులు కాబట్టి ఒక్కో విడతకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇందులో ఒక బలహీనత దొరుకుతుందనే ఆశతో నాలాల కుర్రవాడి మాటలు కాచుకొని విన్నాను. నేను ఆశించినట్టే, సమయం మించిపోతున్న కంగారులో అతను తన ముగింపు ప్రశ్న మరిచిపోయి ఊరుకున్నాడు. సంప్రదాయం గెలిచిందనుకునేలోపు, సూచనల కుర్రవాడు ముందుకొచ్చి “పూడిన నాలాలన్నీ ఒకేసారి తవ్వలేం కదా, ఎక్కడ మొదలుపెట్టాలి అనేదే ఇప్పుడు ప్రశ్న” అని తనే అడిగి తనే అందుకున్నాడు. ప్రతి అతుకు ప్రశ్ననూ ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఇద్దరూ నేర్చుకోవాలన్నది ఒక్క వాక్యం అడిగిన ఆ అమ్మాయి పెట్టిన షరతట. ముందు లైట్ తీస్కోమన్నవాడే ఇలా తయారవడం చూస్తే, సహవాసదోషం ఎంత చెడ్డదో తెలుస్తుంది.

ప్రశ్నోత్తరాల్లోనైనా పాత వాతావరణం తిరిగొస్తుందని ఎదురుచూశాను. “ఈ గ్రాఫు ఎవరు చేశారు?” అని అడిగితే నలుగురు అయిదోవారి వైపు వేలు చూపడం ఆనవాయితీ. వీళ్లలో ఏ రకం ప్రశ్న ఎవరిదో ముందే ఒప్పందం ఉండటంతో, గ్రాఫు అమ్మాయి మాట్లాడింది, మిగతా నలుగురు ఆమెనే చూస్తూ నిలబడ్డారు. దాచిన స్లైడ్లలో ఒకటి తెర మీదికి వచ్చింది కూడా.

మార్కుల పత్రంలో ఎవరి వాటా ఎంతో విడిగా వేయాల్సిన గడులు అయిదు ఉంటాయి. ఎవరి స్లైడు ఎక్కడ ముగిసి ఎవరిది ఎక్కడ మొదలైందో తెలియనందున, ఆ గడులు ఎలా నింపాలో స్పష్టం చేయవలసిందిగా విభాగాధిపతికి నేను లిఖితపూర్వకంగా విన్నవించాను.